రంగూన్ ఉత్తరంలో విడిచిన మాట

గౌలిపురలో చదువురాని ఇంటికి ఉత్తరం వస్తే విశ్వేశ్వర్‌ను పిలవడం ఆ గల్లీకి ఏళ్ల తరబడి అలవాటు. తల ముగ్గుబుట్ట అయ్యాక కూడా పిలిచేవాళ్లు. ఆయన వచ్చి, చెప్పులు బయట విడిచి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చునేవాడు. ఉత్తరం విప్పి, ఎవరి పేరున వచ్చిందో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, "వేలు పెట్టు" అనేవాడు.

అక్షరం ముక్క రానివాళ్లు కాగితం మీద వేలు పెట్టి ఏం చేస్తారు? అయినా ఆయన వినేవాడు కాదు. మొదటి వరుస మీద వేలు పెట్టించి, అది చదివి, వేలిని కింది వరుసకు జరిపించి, అది చదివేవాడు. చావు కబురైనా అంతే, కోర్టు నోటీసైనా అంతే, అల్లుడు పెట్టే ఆరళ్లయినా అంతే. "గంత కటువుగ చదువకుంటే ఏమాయె పంతులూ, జర మెల్లగ మార్చి చెప్పరాదా?" అని ఏడ్చిన ఆడవాళ్లున్నారు. ఆయన తల వంచుకునేవాడు కానీ మార్చేవాడు కాదు. చాదస్తం అనుకున్నారు కొందరు. గుండె రాయి అనుకున్నారు ఇంకొందరు. ఆ వేలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే, వాళ్లూ ఆయనకంటే ముందే వెళ్లిపోయారు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో విశ్వేశ్వర్‌కు పదిహేనేళ్లు. తండ్రి శివయ్య రంగూన్‌లో ఒక అచ్చాఫీసులో పనిచేస్తున్నాడు. పోయి మూడేళ్లయింది. బడిలో విశ్వేశ్వర్ చదువంతా ఉర్దూలోనే. తెలుగు మాత్రం గుళ్లో ఉండే అయ్యగారి దగ్గర నేర్చుకున్నాడు. శివయ్య రాసేది తెలుగులో. గల్లీలో తెలుగు రాత కూడబలుక్కోకుండా చదవగలిగినవాడు ఈ పిల్లవాడొక్కడే. అందుకని రంగూన్ నుంచి ఉత్తరం వచ్చిన రోజు ఇంటి ముందరి అరుగు దర్బారైపోయేది.

ఉత్తరం పేరుకు కొడుకుకే గానీ, అది గల్లీ అందరి సొత్తు. శివయ్య ఒక్కొక్కరి పేరు పెట్టి సలాములూ దండాలూ రాయడం, వాళ్లు అరుగు దగ్గర నిలబడి అందుకోవడం మర్యాద. పేరు రానివాళ్ల ముఖం మాడిపోయేది. రెండిళ్ల అవతల ఉండే షౌకత్ బీ, జరీ కుట్టుపని చేసుకునే ముసలామె, ప్రతిసారీ వచ్చి గోడకానుకుని నిలబడేది. శివయ్య ఒకసారి ఆమె పేరు మరిచాడు. తల్లి శారదమ్మ కొడుకు డొక్కలో మోచేత్తో పొడిచి, పెదవులతోనే "షౌకత్ బీ" అంది. విశ్వేశ్వర్ తడుముకోకుండా, "షౌకత్ బీ ఖాలాకు నా సలాం చెప్పగలవు" అని చదివేశాడు. ముసలామె కళ్లు వెలిగాయి. "జీతే రహో" అని దీవించి, లేని సలాముకు తిరుగు సలాం చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత అలాంటివి చాలా కలిపాడు. కలపడం పాపమని ఎవరికీ తోచలేదు. తల్లికైతే ముచ్చటగా కూడా ఉండేది. లేనిది కలిపి చదవగలిగినవాడు ఉన్నది విడిచి కూడా చదవగలడని ఆమె అనుకోలేదు. వాడూ అనుకోలేదు.

టికెట్టు సంగతి బేగంబజార్‌లో మొదలైంది. అక్కడొక గిన్నెల దుకాణంలో గుమాస్తా వామన్‌రావు. గల్లాపెట్టె పక్కన రంగూన్ లాటరీ టికెట్ల పుస్తకాలు పెట్టుకుని అమ్మేవాడు. టికెట్టు ధర ఇంగ్లీషు సర్కారు కల్దార్ రూపాయి. మన నిజాం హాలీ సిక్కాల్లో అయితే నాణెం మార్పిడి బట్టా, తన కమీషనూ కలిపి రూపాయి నాలుగణాలు పుచ్చుకునేవాడు. విశ్వేశ్వర్ గల్లీలో ఉండే కొమురమ్మ ఇచ్చిన నెయ్యి డబ్బా అంగడిలో వేయడానికి వెళ్లి, ఆ టికెట్టు కింద అంచున చీమ తలలంత అక్షరాల్లో తండ్రి అచ్చాఫీసు పేరు చూశాడు. ఒళ్లు పులకరించింది.

"మా బాపు వేసిందే ఇది!" అన్నాడు.

వామన్‌రావు నవ్వాడు. "ఐతే ఇంట్ల సొమ్మే కద! ఒకటి తీసుకో. పది అమ్మిపెడితే నీకొకటి ముఫ్త్."

గల్లీకి వచ్చి చెప్పాడు. కొమురమ్మ, షౌకత్ బీ, ఇంకో ముగ్గురు తలా నాలుగణాలు వేసుకున్నారు. దేవుడి లీలో, దయ్యం లీలో, ఆ ఒక్క టికెట్టుకే యాభై కల్దార్ల చిన్న బహుమతి తగిలింది. తలా పది రూపాయలు. షౌకత్ బీ కొత్త కళ్లజోడు చేయించుకుంది. కొమురమ్మ పాక మీద కొత్త రేకు వేయించింది. విశ్వేశ్వర్‌ను చూసి పిల్లలు "టికెట్ దొర వచ్చిండు" అని దారి ఇచ్చేవాళ్లు. వాడి నడకే మారింది.

కొమురమ్మ పాలమ్ముకుని బతికే మనిషి. మొగుడు లేడు. రెండు బర్రెల్లో ఒకటి గాలికుంటు వచ్చి ఆ ఎండాకాలం పోయింది. మిగిలినది ముసలిది. వాడుకగా పాలు పోయించుకునే ఇళ్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. వానలు పడేలోగా ఇంకో బర్రె కొనాలని వెండి కడియాలు అమ్మి యాభై రూపాయల హాలీ చేర్చి పెట్టుకుంది. మంచి బర్రెకు అది చాలదు. ఇంకో పాతిక కావాలి.

ఒక పొద్దున పాలు పితుకుతూనే విశ్వేశ్వర్‌ను పిలిచింది.

"కొడుకా, మీ బాపే కదరా టికెట్లకు నంబర్లు ఏసేది?"

"అవు కొమురమ్మత్తా."

"ఐతే ఏ నంబరు మంచిదో ఆయనకు ఎరుకుంటది గద. ఒక్క మాట రాసి పంపు. బయటోళ్లమా? ఆయనెప్పుడన్న నా చేతి మజ్జిగ తాగకుంట పనికి పోయిండా?"

పక్కింటి వాళ్లూ అందుకున్నారు. వడ్రంగి ఇంట్లో కుర్చీ ఉన్నట్టు, నంబర్లు వేసేవాడి దగ్గర మంచి నంబరు ఉండదా? అందరికీ సబబుగా తోచింది. విశ్వేశ్వర్‌కూ తోచింది. "నేను అడిగితే బాపు కాదనడు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గల్లీ అంతా తనను చూసిన చూపు వాడు చాలా కాలం మరిచిపోలేదు. ఉత్తరం రాశాడు. కొమురమ్మ నలభై టికెట్లు కొనాలనుకుంటోందనీ, ఒక మంచి నంబరు పంపమనీ, ఇది అందరి తరఫునా అడుగుతున్నాననీ.

జవాబు వచ్చిన రోజు అరుగు మీద ఇసుక వేస్తే రాలలేదు. లాటరీకి టికెట్లు తీసుకునే గడువు మరునాటితో ముగుస్తుంది. కొమురమ్మ యాభై రూపాయలూ గుడ్డలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చుంది. షౌకత్ బీ గోడకానుకుంది.

విశ్వేశ్వర్ కవరు చింపాడు. ఎప్పటికంటే బరువుగా ఉంది. పైన ఆశీర్వచనం, సలాములు. ఈసారి షౌకత్ బీ పేరు నిజంగానే ఉంది. గొంతు పెంచి చదివాడు. తర్వాతి వరుసల మీదికి కళ్లు పోయాయి.

"నంబరు అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిన. ముందు ఇది అందరికీ వినిపించు. ఆ టికెట్టు ఎవరూ కొనొద్దు. కొమురమ్మకు మరీ మరీ చెప్పు. ఎందుకో లెక్క కట్టి కింద రాసిన."

ఆ వరుసలు పైకి చదవలేదు.

"ఏంది కొడుకా? నంబరేనా?" అంది కొమురమ్మ, ముందుకు వంగి.

చుట్టూ ముఖాలు. నేను అడిగితే కాదనడు అన్న తన మాట వాటన్నిటి మీదా రాసి ఉన్నట్టనిపించింది. నలభై టికెట్లకు తనకు వచ్చే నాలుగు ముఫ్త్ టికెట్లు కూడా మనసులో మెదిలాయి. మెదల్లేదని తర్వాత ఎంత సర్ది చెప్పుకోబోయినా కుదరలేదు. తల్లి మోచెయ్యి ఈసారి అవసరం కాలేదు.

"బాపు అంటుండు," అని చదివాడు, కాగితం వంక చూస్తూనే. "నంబరు చెప్తే నౌకరి పోతది, చెప్పరాదు. ఎవరి నసీబు వాళ్లది. దేవుని మీద భారం ఏసి..." అక్కడ మాట తడబడింది. "ఏసి, మీకు మంచిగ తోచినట్టు చేయుండ్రి."

"వద్దనలే గద!" అంది కొమురమ్మ.

"వద్దనలే," అన్నాడు విశ్వేశ్వర్.

అదే అసలు అబద్ధం. ముందుదంతా ఏదో దారి తప్పడం. ఈ ఒక్క మాట మాత్రం అడిగితే చెప్పినది.

కొమురమ్మ మూట తీసి వాడి చేతిలో పెట్టింది. "నీ చేతితోనే తే. నీ చెయ్యి మంచిది."

మిట్టమధ్యాహ్నం ఎండలో బేగంబజార్‌కు నడిచాడు. ఉత్తరం జేబులో ఉంది. పూర్తిగా చదవలేదు. చదివితే కాళ్లు ఆగిపోతాయని భయం. వామన్‌రావు నలభై టికెట్లు చింపి, ప్రతి దానికీ మిగిలిన సగం మీద పేరు రాసి, నాలుగు పైన పెట్టి ఇచ్చాడు. "శభాష్! ఇంత చిన్నగున్నవ్, దుకాణం పెట్టినవ్," అన్నాడు.

దుకాణం ఎదుట, దించిన బస్తాల నీడలో కూర్చుని అప్పుడు తీశాడు ఉత్తరం. పని అయిపోయింది కనుక ఇక చదివినా ఫర్వాలేదనుకున్నాడేమో.

శివయ్య ఇలా రాశాడు:

"లెక్క నీకు వచ్చు. బడిలో ఉర్దూల నేర్చుకున్నదే ఇది, నేను మన భాషల చెప్తున్న.

ఒక్కో లాటరీకి మా దగ్గర లక్ష టికెట్లు అచ్చయితయి. లక్షా అమ్ముడువోతయి. టికెట్టు రూపాయి. అంటే లక్ష రూపాయలు జమ. బహుమతులు ఎంతనో ఆ టికెట్టు వెనుకనే ఉన్నది, ఎవ్వరూ కూడి చూడరు. మొదటిది ఇరవై ఐదు వేలు. రెండోది పది వేలు. మూడోది ఐదు వేలు. యాభై రూపాయలవి రెండు వందలు, అంటే పది వేలు. మొత్తం కూడు. యాభై వేలు.

ఇప్పుడొక మాట అనుకో. ఒక షావుకారు లక్ష టికెట్లూ తానే కొన్నడు. నసీబు లేదు, దేవుడు లేడు. బహుమతులన్నీ ఆయనకే రావాలె. లక్ష ఇచ్చి యాభై వేలు ఇంటికి తెచ్చుకుంటడు. అన్ని టికెట్లూ చేతిల ఉన్నోడే సగం పోగొట్టుకుంటే, ఒక్క టికెట్టు ఉన్నోడు లాభపడే బేరం ఎట్లయితది? నువ్వు కొన్న రూపాయి టికెట్టు విలువ సగటున ఎనిమిదణాలు. మిగిలిన ఎనిమిదణాలు కొన్న నిమిషమే పోయినయి, నంబరు తీసే చక్రం తిరుగకముందే.

ఎనిమిదణాలు అంటే నీ చేతికి ఎనిమిదణాలు వస్తయని కాదు. మస్తుమందికి ఏమీ రాదు. కొద్దిమందికి చాలా వస్తది. అందరిదీ కలిపి తలా పంచితే టికెట్టుకు వచ్చేది గంతే అని.

మొన్న మీకు యాభై వచ్చిందని రాసినవు. రావచ్చు. ఎవరికో ఒకరికి రావాలె గద. బహుమతి తగిలే టికెట్లు రెండు వందల మూడు. అంటే ఐదు వందల టికెట్లకు ఒకటి అనుకో. తగిలినోళ్లు నలుగురికి చెప్తరు. తగులనోళ్లు లక్షకు రెండు వందలు తక్కువ, వాళ్లెవ్వరూ ఉత్తరాలు రాయరు. మొన్న తగిలింది గనుక ఈసారి తగులుతదని లేదు, తగులదని కూడా లేదు. చక్రానికి మన గల్లీ యాదుండదు.

ఎక్కువ కొంటే మంచిదని అనుకుంటున్నరు. నలభై కొంటే తగిలే ఆశ నలభై రెట్లు అయితది, నిజమే. ఇచ్చేది కూడా నలభై రెట్లు. ఒక్క టికెట్టు మీద ఎనిమిదణాలు పోతే, నలభై మీద సగటున ఇరవై రూపాయలు పోయినట్టే. అందరూ కలిసి వేసుకుంటే నష్టం పంచుకుంటరు, వస్తే అది కూడా పంచుకుంటరు. రూపాయికి ఎనిమిదణాలన్నది మారదు.

ఇగ మంచి నంబరు. నా ముందర మిషను ఉన్నది. నేను పిడి కొడ్త, అది ఒకటి పెంచుకుంట పోతది. ఏ నంబరు మీద ఏం రాసి లేదు. చక్రం తిప్పేది వేరే చోట, పెద్దమనుషుల ముందర. నాకు కొమురమ్మకు ఎంత ఎరుకో అంతే ఎరుక.

నంబరు అడిగినందుకు నీ మీద కోపం లేదు. నాకు సిగ్గైంది వేరేందుకు. మిగిలే యాభై వేలు ఎటు పోతయని ఎన్నడూ అనుకోలె. ధర్మ దవాఖానకు కొంత, అమ్మేటోళ్లకు కొంత, అచ్చాఫీసుకు కొంత. అచ్చాఫీసుది నా జీతం. నీ ఫీజుకు నేను పంపే మనియార్డరు అందులోదే. ఎవరివో ముఖం తెల్వని ఎనిమిదణాలు అనుకుని ఇన్నేండ్లు తిన్న. కొమురమ్మ పేరు నీ ఉత్తరంల చూసినంక ముద్ద దిగలేదు. ఆమెతోని బర్రె కొనమను. చాలకపోతే పడ్డ దూడనన్న కొనమను. టికెట్టు కొననియ్యకు."

విశ్వేశ్వర్ రెండోసారి చదవలేదు. చదవనక్కరలేదు. పలక మీద కూడిక వేసినట్టు ఒక్కో అంకె ఉన్నచోటే ఉంది. పైగా తండ్రికి తెలియని ముక్క ఒకటి తనకు తెలుసు. కొమురమ్మ ఇచ్చినది ఒక్కో దానికి రూపాయి నాలుగణాలు. యాభై రూపాయల హాలీ ఇచ్చి, సగటున ఇరవై కల్దార్లు చేసే కాగితాలు తెచ్చుకున్నాడు. హాలీలోకి మార్చినా సగానికి తక్కువే.

లేచి మళ్లీ దుకాణం మెట్లెక్కాడు.

"వామన్‌రావు సాబ్, ఇవి వాపస్ తీసుకోండ్రి."

"వాపసా? పేర్లు రాసినంక? సగం ముక్కలు డాకుల పోయినయి. పిచ్చోనివా?"

"నా నాలుగు ముఫ్త్‌వి కూడ ఇచ్చేస్త."

వామన్‌రావు చెడ్డవాడు కాదు. పిల్లవాడి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "వాపస్ కుదరదు తమ్మీ. గంత ఫికర్ ఐతే బజార్ల నిలబడి అమ్ముకో, టికెట్టు ఎవరి చేతిల ఉంటే వాళ్లదే. మీ బాపు వేసిండని చెప్పు, గంటల అన్నీ పోతయి. నీ పైసలు నీకొస్తయి."

అది నిజమే. వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. బస్తాలు మోసే అంజన్ అనే హమాలీ వాడి చేతిలో టికెట్లు చూసి దగ్గరికొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏంది, లాటరియా? నీకు తెలిసినోళ్లు ఏసినయంట గద?" అన్నాడు. పక్కన వామన్‌రావు మాటలు విన్నట్టున్నాడు.

"మా బాపు."

"ఐతే ఒకటియ్యి." నడుముకు కట్టుకున్న సంచి ముడి విప్పాడు. చెమటకు తడిసిన ముడి, పళ్లతో లాగితే గానీ రాలేదు. డబ్బులు తీసి అరచేతిలో పెట్టుకుని, ఇవ్వబోతూ ఆగి అడిగాడు. "తగులుతదా?"

వద్దనలే, అన్న మాట లాంటిదే ఇంకొకటి చెప్పాలి. చెబితే కొమురమ్మకు రూపాయి నాలుగణాలు తిరిగి వస్తాయి. ఇంకో ముప్పై తొమ్మిది మందితో ఇలాగే చెబితే బర్రె డబ్బు మొత్తం వస్తుంది. పోయే డబ్బు పోయేదే, విప్పే ముడి మాత్రం వేరొకరిది. విశ్వేశ్వర్ టికెట్ల కట్ట వంక చూశాడు.

"ఏమాయె? తగులుతదా అంటే పలుకవు?"

"తగులదు అన్నా," అన్నాడు. టికెట్లు జేబులో కుక్కుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. వెనక అంజన్ నవ్వుతూ ఎవరితోనో అంటున్నాడు. "గీడేం యాపారం చేస్తడురా! అమ్మెటోడే తగులదంటుండు!"

గౌలిపుర చేరేసరికి బర్రెలు ఇళ్లకు మళ్లుతున్నాయి. కొమురమ్మ కొట్టం ముందు బర్రెకు చిట్టు కలుపుతోంది. టికెట్ల కట్ట కనబడగానే చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్లకద్దుకోవడానికి చాపింది. విశ్వేశ్వర్ ఇవ్వలేదు. జేబులోంచి ఉత్తరం తీశాడు.

"అత్తా, పొద్దుగాల నేను పూరాగ చదువలే."

"ఏమిడిచినవ్?"

"వద్దని రాసిండు బాపు. నిన్నైతే మరీ మరీ వద్దన్నడు. నేను విడిచిన."

కొమురమ్మ వాడినీ, కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాడు. వంగి చెప్పు తీస్తుందనుకున్నాడు. తీసినా బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుంది. చిట్టు అంటిన వేలు చీరకు రెండుసార్లు రుద్దుకుని, కాగితం మీద పెట్టింది.

"ఈడ ఏమున్నది?"

"గవి సలాములు."

"చదువు."

చదివాడు. వేలు కిందికి జరిగింది. "ఈడ?"

"నంబరు అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిన..."

"ఈడ?"

అలా ప్రతి వరుసా చదివించుకుంది. ఒక వరుస మీద వాడు గొంతు తగ్గిస్తే వేలు అక్కడే ఆగిపోయేది, మళ్లీ చదివేదాకా. షావుకారు లక్ష టికెట్లూ కొన్నచోట ఆగి, "అన్నీ కొన్నా సగమే వస్తదా?" అంది. "సగమే అత్తా." చాలాసేపు తల ఆడించింది. "బర్రె నయం. దాణా ఎంత తిన్నా, ఇచ్చేది కండ్ల ముందరుంటది." నలభై టికెట్ల లెక్కను ఇంకోసారి చదివించుకుంది. చివర "కొమురమ్మ పేరు నీ ఉత్తరంల చూసినంక" అన్నచోట వేలు మళ్లీ ఆగింది.

"ముద్ద దిగలేదని రాసిండా?"

"రాసిండు."

"ఆయనకు దిగలే," అంది. "నీకు దిగిందారా మధ్యాహ్నం?"

విశ్వేశ్వర్ తినలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు. కొమురమ్మ లేచి మళ్లీ చిట్టు కలపసాగింది. "టికెట్లు మీ ఇంట్లనే పెట్టుకో. నా ఇంట్ల వద్దు," అంది, వెనక్కి తిరగకుండానే.

ఫలితాలు వచ్చాయి. నలభై నాలుగింట్లో ఒక్కదానికీ ఏమీ తగలలేదు. గల్లీ ముక్కు మీద వేలేసుకుంది, నాలుగు రోజులు మాట్లాడుకుంది, మానేసింది. కొమురమ్మ ఆ ఏడు బర్రె కొనలేదు. ఇతరుల పాలు కావడి మోసి ఇళ్లిళ్లా పోసింది. అసలు ఉత్తరంలో ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు. విశ్వేశ్వర్ బడికి పోయేముందు గడ్డి మోపు తెచ్చి ఆమె కొట్టంలో పడేసేవాడు. ఆమె వద్దనలేదు, బాగు అని కూడా అనలేదు. చాలా నెలలు ఆ గడ్డి మోపే వాళ్ల మాట.

తండ్రికి మాత్రం జరిగినదంతా రాశాడు. తాను చదివినది, విడిచినది, అంజన్ సంచి ముడి, అన్నీ. లేని సలాములు కలపడం కూడా రాశాడు. జవాబు ఆలస్యంగా వచ్చింది.

మళ్లీ అరుగు నిండింది. అలవాటు అలవాటే కదా. కొమురమ్మ ఆ రోజు రాదనుకున్నాడు, వచ్చింది. వచ్చి వాడి పక్కనే కూర్చుని, కాగితం మీద వేలు పెట్టింది. అందరూ వింతగా చూశారు.

ఉత్తరం చిన్నది. అచ్చాఫీసులో టికెట్ల మిషను మీద నుంచి శివయ్య మారాడట. ఇప్పుడు బడిపుస్తకాలు, రసీదు పుస్తకాలు అచ్చువేసే వైపు. జీతం కొంచెం తగ్గింది. "ఇంట్ల జర సర్దుకొమ్మని మీ అమ్మకు చెప్పు" అని ఉంది. జరిగినదాని గురించి ఒక్కటే వాక్యం. "చదివిన. ఇగ ఎన్నడూ కలుపకు, విడువకు." కొమురమ్మ వేలు ఆ వరుస కింద ఉంది కనుక అదీ అందరి ముందూ చదవవలసి వచ్చింది. "దేన్ని కలుపొద్దంటుండు?" అని ఎవరో అడిగారు. కొమురమ్మ వేలు కింది వరుసకు జరిగింది.

తర్వాత సలాములు. కొమురమ్మకు దండం. పక్కింటి వాళ్లకు, ఎదురింటి వాళ్లకు, గుళ్లో అయ్యగారికి. కాగితం అయిపోయింది.

షౌకత్ బీ గోడకానుకుని, కొత్త కళ్లజోడు సర్దుకుని, ఇంకా నిలబడే ఉంది. శారదమ్మ మోచెయ్యి కొడుకు డొక్కలో గట్టిగా తగిలింది. వాడు కాగితం వంకే చూశాడు. కొమురమ్మ వేలు చివరి వరుస దాటి, ఏమీ రాయని తెల్లటి చోట ఆగి ఉంది.

"మేరా నామ్ నహీ హై క్యా, బేటా?" అంది షౌకత్ బీ, నవ్వబోతూ.

విశ్వేశ్వర్ తలెత్తలేకపోయాడు.

"లేదు, ఖాలా."

ముసలామె కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అచ్ఛా, అచ్ఛా. పనుల పడి మరిచి ఉంటడు," అని మెల్లగా గోడ పట్టుకుని వెళ్లిపోయింది. కొమురమ్మ కాగితం మీద నుంచి వేలు తీసింది.